బరువు సరే, నడుము కొలత ఎంత?

ఒక ఉదాహరణ చూద్దాం. నలభై దాటిన ఒక ఉద్యోగి ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 62 కిలోలు. బీఎంఐ లెక్కిస్తే 22.7 వస్తుంది. మన దేశంలో 23 లోపు ఉంటే అధిక బరువు కిందికి రాదు. వేసుకునే ప్యాంటు సైజు 34. కాస్త పొట్ట ఉన్నా, తాను లావు కాదు కాబట్టి భయం లేదనుకుంటాడు.

ఇప్పుడు టైలర్ టేపు తీసుకుందాం. ప్యాంటును పొట్ట కిందికి దించి కట్టుకుంటాం కాబట్టి దాని సైజు నడుము కొలత కాదు. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక ఒకటి, తుంటి ఎముక పై అంచు ఒకటి తగులుతాయి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. అలా కొలిస్తే ఇతని నడుము 37 అంగుళాలు తేలింది. ఎత్తు 65 అంగుళాలు. 37ను 65తో భాగిస్తే 0.57.

ఈ అంకె 0.5 దాటకూడదు. అంటే నడుము ఎత్తులో సగానికి మించకూడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో ఇదే చెప్పింది. 0.5 నుంచి 0.59 దాకా ముప్పు పెరిగినట్టు, 0.6, ఆపైన ఉంటే ముప్పు ఎక్కువని లెక్క. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇదే కొలమానం. మన ఉదాహరణలోని మనిషికి బరువు యంత్రం చెప్పని సంగతి టేపు చెప్పింది.

ఇది మనవాళ్లలో తరచూ కనిపించే తేడా. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి వచ్చింది. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. సన్నగా కనిపించే భారతీయుల ఒంట్లోనూ కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండొచ్చని ఆ ఫొటో చాటింది.

అయితే పొట్టలోని కొవ్వంతా ఒకే రకం కాదు. చర్మం కింద వేళ్లతో పట్టుకుంటే అందేది ఒకటి. పొట్ట కండరాల వెనక, పేగుల చుట్టూ పేరుకునేది ఇంకొకటి. దీన్నే విసరల్ ఫ్యాట్ అంటారు. పేగుల చుట్టూ ఉన్న ఈ కొవ్వు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. కొవ్వు కరిగి విడుదలయ్యే ఫ్యాటీ ఆమ్లాలు ఆ దారినే వెళ్తాయి. అవి మోతాదు మించితే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ మాట చెల్లదు. ఒంట్లో చక్కెర సరిపడా ఉన్నా కాలేయం ఇంకా తయారుచేస్తూనే ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లను కూడా ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. మధుమేహం, గుండెజబ్బు మొదలయ్యే దారుల్లో ఇదొకటి.

పైకి కనిపించే పొట్టను తగ్గిస్తే ఈ ముప్పు పోతుందా? 2004లోనే అమెరికా పరిశోధకులు దీన్ని పరీక్షించారు. స్థూలకాయం ఉన్న 15 మంది మహిళలకు లైపోసక్షన్ చేసి, పొట్ట దగ్గర చర్మం కింది కొవ్వును ఒక్కొక్కరికి సగటున దాదాపు 10 కిలోలు తీసేశారు. ఆకారం మారింది. కానీ రెండు మూడు నెలల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు ఏవీ మెరుగుపడలేదు. లోపలి కొవ్వు లోపలే ఉంది మరి.

టేపుకూ పరిమితులున్నాయి. అది చర్మం కింది కొవ్వునూ లోపలి కొవ్వునూ విడదీసి చూపలేదు. అది స్కానింగ్ చేసే పని. గర్భిణులకు, పొట్టలో నీరు చేరినవారికి ఈ కొలత వర్తించదు. 0.5 దాటినంత మాత్రాన జబ్బు వచ్చిందనీ కాదు. రక్తపోటు, పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు చూపించుకోవాల్సిన సమయం వచ్చిందని అర్థం.

పొట్ట కసరత్తులతో అక్కడి కొవ్వు మాత్రమే కరగదు. వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం లాంటి ఒళ్లంతా కదిలే వ్యాయామం క్రమంగా చేస్తే, బరువు పెద్దగా తగ్గకపోయినా లోపలి కొవ్వు తగ్గుతుంది. మన ఉదాహరణలోని మనిషి చేరాల్సిన కొలత 32.5 అంగుళాలు. కొన్ని నెలలు నడిచాక అతని బరువు 61 దగ్గరే ఆగి, నడుము మాత్రం 35కి వచ్చిందనుకుందాం. ఫలితం లేదని నడక మానేస్తే పొరపాటు. నిష్పత్తి అప్పటికే 0.54కి దిగింది. అందుకే నెలకోసారి అదే చోట, అదే టేపుతో కొలిచి రాసుకోవాలి.