బోణీకి ముందు రెండు నిమిషాలు

కొత్త కొట్టు తెరిచే పొద్దున వచ్చినవాళ్లలో చాలామంది నిలబడే ఉంటారు. పూజ, గుమ్మడికాయ కొట్టడం, రిబ్బను కత్తిరించడం అయ్యేసరికి ఎండెక్కుతుంది. అప్పుడు మైకు యజమాని చేతికొస్తుంది. జనం ఓపిగ్గా వినేది రెండు నిమిషాలు, మహా అయితే మూడు. అందులో సగం పెద్దల పేర్లు చదవడానికే పోతుంది. ఇన్నేళ్లూ సరుకు కొన్నవాళ్లు మాత్రం వెనకెక్కడో నిలబడి ఉంటారు.

తెనాలిలాంటి ఊళ్లో పాత కిరాణా కొట్టాయన, ఊరి చివర కొత్త కాలనీలో రెండోది పెడుతున్నాడనుకుందాం. ఆయన ఇలా మాట్లాడితే చాలు:

"అందరికీ నమస్కారం. ఎండలో నిలబెట్టాను, తొందరగా ముగిస్తాను. మొదట్లో నా కొట్లో అడిగినవాటిలో సగం ఉండేవి కావు. 'రేపొస్తాంలే' అని వెళ్లి, నిజంగానే మర్నాడు వచ్చేవారు. ఒకసారి కందిపప్పులో పురుగుందని ఒకమ్మ తెచ్చి నాకు చూపించింది, నలుగురికీ చెప్పలేదు. అప్పట్నుంచి బస్తా విప్పి చూడందే నేను పప్పు తూయలేదు. 2020లో లాక్‌డౌన్ అప్పుడు సున్నంతో గీసిన గుండ్రాల్లో ఎంతసేపైనా నిలబడ్డారు. అవన్నీ నాకు గుర్తున్నాయి. పాత కొట్టు మూయడం లేదండీ. పొద్దున అక్కడ తమ్ముడు కూర్చుంటాడు, సాయంత్రం నేనే ఉంటాను. నెల ఖాతా రెండు చోట్లా చెల్లుతుంది. బోణీ మాత్రం మా పాత వీధి పెద్దమ్మగారిది. రండమ్మా."

'మీరే మా దేవుళ్లు' అనే మాట ఏ కొట్టువాడైనా అనగలడు. పురుగు పప్పు సంగతి ఈయన ఒక్కడే చెప్పగలడు. తన లోపం బయటపెట్టుకున్నట్టుంటుందని భయపడనక్కర్లేదు. దాన్ని ఎలా దిద్దుకున్నాడో కూడా అందులోనే ఉంది.

ఖాతా ప్రస్తావనలో మాత్రం జాగ్రత్త కావాలి. ఎవరు ఎన్నాళ్లు అప్పు పెట్టి తీర్చారో మెచ్చుకోలుగా చెప్పినా, పేరు బయటికొస్తే ఆ ఇంటివాళ్లకు తలవంపులే. పేర్లు చదవడంలో ఇంకో చిక్కుంది. పదిమందిని తలుచుకుంటే పదకొండోవాళ్లు నొచ్చుకుంటారు. అందుకే ఒక్క బోణీ మనిషిని పిలిచి ఊరుకోవడం నయం.

'రెండు చోట్లా ఎప్పటికీ ఒకే ధర' అని ఆయన అనకపోవడం గమనించండి. కొత్త చోట అద్దె ఎక్కువైతే, ప్రారంభం నాటి తగ్గింపు అయిపోయాక ఆ భారం ఎక్కడో ఒకచోట ధరలో కనబడుతుంది. మైకులో ఇచ్చిన మాట అప్పుడు జనం బాగా గుర్తుపెట్టుకుంటారు.

పాత వీధివాళ్లు రెండో కొట్టు తెరిచే రోజున మనసులో పెట్టుకొచ్చే ప్రశ్న ఒక్కటే: ఇక మమ్మల్ని పట్టించుకుంటాడా? టిఫిను ప్లేటు పట్టుకుని ఎవరైనా 'అయితే పాతది తీసేస్తున్నారా?' అని అడిగారంటే, ఆ ముక్క వాళ్ల చెవిన పడలేదన్నమాట. బోణీ అయ్యాక మళ్లీ మైకందుకుని ఆ ఒక్క మాటా చెప్పేయాలి.