ఒక్క కొనుగోలుదారు మీదే కొట్టు నడుస్తుంటే

అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. ఏడాది అమ్మకాలు 2 కోట్లు. అందులో ఒక మందుల కంపెనీ వాటా 80 లక్షలు, అంటే 40 శాతం. ఖాతాదారుల వాటాల రిపోర్టు ముందు చూపేది ఈ లెక్కే. నమోదైన పెద్ద కంపెనీలైతే 10 శాతం దాటిన కొనుగోలుదారు ఉన్న సంగతి తమ లెక్కల్లో వెల్లడించాలి.

నా దృష్టిలో అసలు హెచ్చరిక రెండో లెక్కలో ఉంటుంది. రావాల్సిన బాకీలు మొత్తం 50 లక్షలైతే, ఆ కంపెనీవే 35 లక్షలు: 70 శాతం! అమ్మకాల్లో 40, బాకీల్లో 70 అంటే పెద్ద ఖాతా ఆలస్యంగా చెల్లిస్తోందన్నమాట. దాని డబ్బు చేతికి రావడానికి సుమారు 160 రోజులు పడుతోంది. మిగతావాళ్లు 46 రోజుల్లో ఇచ్చేస్తున్నారు.

రిపోర్టు తీసేముందు ఒక జాగ్రత్త. ఒకే యజమాని కంపెనీలు వేర్వేరు జీఎస్టీ నంబర్లతో మూడు ఖాతాలుగా ఉంటే, ఒక్కోటీ చిన్నదిగా కనిపించి ప్రమాదం దాక్కుంటుంది. వాటిని కలిపే లెక్కించాలి.