సీమంతానికి పాత చీర

కోడలికి ఏడో నెల. స్నేహితులంతా ఏదో ఒకటి ఇవ్వాలనుకుంటారు. ఇంట్లో పెద్దావిడ మాత్రం "బిడ్డ భూమ్మీద పడకముందే బట్టలూ ఉయ్యాలలూ ఏంటమ్మా?" అంటుంది. పుట్టిన పిల్లలు దక్కుతారో లేదో తెలియని రోజుల నాటి జాగ్రత్త అది. దాంతో వాదన పెట్టుకోనక్కర్లేదు. చాలా ఇళ్లలో కొత్తవి కొనడమే వద్దంటారు గానీ, పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు సిద్ధం చేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కాన్పయిన నిమిషాల్లో చాలా ఆసుపత్రుల్లో బయటున్నవాళ్లను అడిగేవి కూడా అవే: బిడ్డను తుడవడానికి ఒకటి, చుట్టడానికి ఇంకొకటి.

కాబట్టి మీ బీరువాలో బాగా నలిగి మెత్తబడిన నూలు చీర ఉంటే అదే మంచి కానుక. నూలో కాదో అనుమానం వస్తే ఒక పోగు లాగి వెలిగించి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ముద్దకడుతుంది. ఫాల్, జరీ అంచు తీసేశాక, అయిదున్నర మీటర్ల చీరకు మీటరు పొడవున అయిదు ముక్కలొస్తాయి. మిగిలిన అరమీటరు లంగోటాలకు పనికొస్తుంది. చింపి వదిలేయకుండా అంచులన్నీ మడిచి కుట్టించండి. వేలాడే దారం పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది.

ఇక్కడే ఒక పెద్ద చిక్కుంది. కలరా ఉండలు వేసి దాచిన చీర మాత్రం వద్దు. వాటిలోని నాఫ్తలీన్ గుడ్డకు పడుతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లలకు అది తగిలితే ఎర్ర రక్తకణాలు చితికి, పచ్చకామెర్లు ముదురుతాయి. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పుట్టకముందు మనకు తెలియదు గదా. ఉతికేస్తే పోతుందిలే అనుకోకుండా ఆ చీర పక్కన పెట్టేసి, బయట వాడుకలో ఉన్నదే తీసుకోండి. వేడినీళ్లలో ఉతకండి. గంజి, నీలిమందు, సువాసన ద్రావణం ఏదీ వెయ్యకుండా ఎండలో ఆరేయండి. మెత్తదనం కోసం పోసే ఆ ద్రావణాల వల్ల గుడ్డ తడి పీల్చడం తగ్గుతుంది.

కొత్త వస్తువే ఇవ్వాలనిపిస్తే తల్లికివ్వండి, దానికి ఏ పెద్దావిడా అభ్యంతరం చెప్పదు. ముందువైపు జిప్పున్న నూలు నైటీలు రెండు, ఇప్పటి కొలత కన్నా వదులుగా. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పొట్టకింద పెట్టుకునే పొడవాటి దిండు ఇప్పుడూ పనికొస్తుంది, రేపు పాలిచ్చేటప్పుడు మోచేతికి ఆసరా అవుతుంది కూడా. కాన్పు తర్వాత వాడే పెద్ద ప్యాడ్లు మొగమాటం లేని స్నేహితురాలు ఇస్తేనే బాగుంటుంది.

బిడ్డ బట్టలంటారా, బారసాల దాకా ఆగండి. అప్పుడైనా అప్పుడే పుట్టినవాళ్ల సైజు కొనకండి. మూడు నుంచి ఆరు నెలలవాళ్లదే తీసుకోండి, చిన్నవి నెల తిరక్కుండానే బిగుతవుతాయి.