నీలం రంగు చెప్పే లెక్క

రంగులేని రెండు ద్రావణాలు కలిపి స్టాప్‌వాచ్ నొక్కుతాం. కాసేపు ఏ మార్పూ ఉండదు. ఉన్నట్టుండి బీకరంతా సిరా పోసినట్టు నీలమైపోతుంది!

నిజానికి అయోడిన్ మొదటి క్షణం నుంచే పుడుతోంది. అయోడైడ్ నుంచి పర్‌సల్ఫేట్ దాన్ని విడిపిస్తుంటే, కొద్దిగా కలిపిన థయోసల్ఫేట్ ఎప్పటికప్పుడు మింగేస్తుంది. అది అయిపోగానే అయోడిన్ గంజిని అంటుకుంటుంది. అందుకే థయోసల్ఫేట్ ప్రతిసారీ సరిగ్గా అంతే పోయాలి.

ఇప్పుడు అయోడైడ్‌ను సగం చేసి, తగ్గినంత నీళ్లు కలపండి. 40 సెకన్లకు వచ్చిన నీలం 80కి వస్తే వేగం సగమైనట్టే. అంటే అయోడైడ్ పరంగా చర్యా క్రమాంకం 1.

10 డిగ్రీల వేడి పెంచితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. అయితే ద్రావణాలను కలపకముందే విడివిడిగా వేడిచేయాలి. మరీ వేడైతే గంజి నీలమే వెలిసిపోయి లెక్క తప్పుతుంది.