ప్రొఫెసర్ ఇస్తానన్న ఉద్యోగం: ఆ మెయిల్‌ను ఎలా చదవాలి?

తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా వేలమంది ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్తున్నారు. ఫీజు, గది అద్దె, తిండి ఖర్చు కలిపి లెక్క వేసుకోగానే చాలామంది చేసే మొదటి పని, తమ యూనివర్సిటీలోని ప్రొఫెసర్లకు ‘మీ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్ పని ఏమైనా ఉందా?’ అని మెయిల్ పెట్టడం. ఎక్కువ మెయిళ్లకు జవాబు రాదు. ఎప్పుడో ఒకటి వస్తే ఆ సంతోషంలో సగం చదివి ‘సరేనండీ’ అని రాసేస్తారు. తర్వాత వచ్చే చిక్కులు చాలావరకు చదవకుండా వదిలేసిన ఆ మిగతా సగంలోనే ఉంటాయి.

అలాంటి మెయిల్ సారాంశం సాధారణంగా ఇలా ఉంటుంది: ‘ఈ సెమిస్టర్‌కు నా ప్రాజెక్టులో గంటల లెక్కన ఒక రీసెర్చ్ అసిస్టెంట్ కావాలి. గంటకు 17 డాలర్లు, వారానికి 12 గంటలు, మొత్తం 15 వారాలు. గ్రామీణ కుటుంబాల ఆరోగ్య సర్వే డేటాను శుభ్రం చేయాలి, పాత పరిశోధన పత్రాలు చదివి సారాంశాలు రాయాలి, ప్రతి మంగళవారం సమావేశానికి రావాలి. గ్రాంటు నిధులను బట్టి వచ్చే సెమిస్టర్‌కూ కొనసాగించవచ్చు. శుక్రవారంలోపు చెప్పండి. సరే అంటే మా విభాగం హెచ్.ఆర్. వాళ్లు మిమ్మల్ని సంప్రదిస్తారు.’

ఇందులో మొదట చూడాల్సింది ‘గంటల లెక్కన’ అన్న మాట. వారానికి 204 డాలర్ల చొప్పున 15 వారాలకు 3,060 డాలర్లు వస్తాయి. ఫీజులో మాత్రం పైసా తగ్గదు. మన పిల్లలు సీనియర్ల దగ్గర వినే ‘ఆర్.ఏ. వస్తే ఫీజు ఉండదు’ అన్న మాట వేరే నియామకం గురించి. దాన్ని గ్రాడ్యుయేట్ రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అంటారు. అందులో నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. చాలా యూనివర్సిటీల్లో ఫీజు మొత్తమో కొంత భాగమో మాఫీ అవుతుంది, కొన్నిచోట్ల ఆరోగ్య బీమా కూడా ఉంటుంది. మెయిల్‌లో ఫీజు మాఫీ ఊసే లేకపోతే అది లేదనే అనుకోవాలి. ఇంట్లోవాళ్లకు ‘ఫీజు కట్టక్కర్లేదు’ అని ఫోన్ చేయకముందే ఈ ఒక్క విషయం ప్రొఫెసర్‌ను అడిగి తేల్చుకోవడం మంచిది.

రెండోది గంటలు. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఈ పరిమితి ఒక్కో ఉద్యోగానికి విడిగా ఉండదు, అన్నీ కలిపి 20 గంటలే. ఒక అమ్మాయి ఇప్పటికే క్యాంపస్ డైనింగ్ హాల్లో వారానికి 10 గంటలు చేస్తోందనుకుందాం. దానికి ఈ 12 కలిస్తే 22 అవుతుంది. డైనింగ్ హాల్లో 8 గంటలకు తగ్గించుకున్నాకే ఈ పనికి ఒప్పుకోవాలి. ‘ఈ వారం 25 చేసి వచ్చే వారం 15 చేస్తే సగటు 20 కదా’ అన్న లెక్క కూడా చెల్లదు, ఎందుకంటే ఏ వారానికి ఆ వారమే చూస్తారు. పరిమితి దాటితే వీసా హోదాకే ముప్పు. సెలవుల్లో పూర్తికాలం చేయనిస్తారు కానీ, యూనివర్సిటీ తన సొంత పరిమితి పెట్టుకోవచ్చు. అందుకని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందే అడగాలి.

మూడోది చేయాల్సిన పని. ‘డేటా శుభ్రం చేయడం’ అనే రెండు ముక్కల వెనుక ఎంత శ్రమ ఉంటుందో ఒక్క ఉదాహరణ చాలు. సర్వేలో వయసు చెప్పనివాళ్లకు ఆ గడిలో 999 అని వేయడం ఒక అలవాటు. దాన్ని ఖాళీగా మార్చకుండా సగటు తీస్తే ఊళ్లో అందరి వయసూ అమాంతం పెరిగిపోతుంది. ఇలాంటి సంకేతాలు ప్రతి ప్రశ్నకూ వేరుగా ఉంటాయి. ప్రశ్నాపత్రం పక్కన పెట్టుకుని ఒక్కో వరుస సరిచూస్తూ పోతే వారం కోటా రెండు రోజుల్లో అయిపోతుంది. పైగా మనుషుల సమాచారాన్ని ముట్టుకునే ముందు పరిశోధన నైతికత మీద ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయమంటారు, దానికీ కొన్ని గంటలు పడుతుంది. శిక్షణకు, మంగళవారం సమావేశానికి పట్టే సమయం ఆ 12 గంటల్లోనే వస్తుందా అని అడగాలి. గంటల జీతం అంటే చేసిన ప్రతి గంటనూ టైమ్‌షీట్‌లో రాయాలి. 16 గంటలు చేసి 12 అని రాయడం మంచితనం కాదు. అది జీతం పోగొట్టుకోవడమే కాక తప్పుడు లెక్క రాయడం కూడా.

ఇవన్నీ కుదిరాక కూడా ప్రొఫెసర్ మెయిల్ నియామక పత్రం కాదు. హెచ్.ఆర్. పంపే ఆఫర్ లెటర్‌లో జీతం, గంటలు, మొదలయ్యే తేదీ ఉంటాయి. దానితోపాటు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఇచ్చే లేఖ తీసుకెళ్లి, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లు దానికి దరఖాస్తు చేస్తారు. ఉద్యోగం మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందుగా ఈ దరఖాస్తు తీసుకోరు. పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 చూపించి ఐ-9 ఫారం పూర్తి చేయడం ఇంకో మెట్టు. పనిలో చేరిన మూడు పనిదినాల్లోపు యూనివర్సిటీ ఆ పత్రాలను పరిశీలించి తీరాలి. ‘కాగితాలు తర్వాత చూద్దాం, ఈలోగా డేటా మొదలుపెట్టండి’ అని ఎవరైనా అంటే, ఆఫర్ లెటర్‌లోని తేదీ నుంచే మొదలుపెడతానని మర్యాదగా చెప్పాలి.

ఇంకో ప్రమాదం ఉంది. ప్రొఫెసర్ల పేరు వాడుకుని మోసగాళ్లు ఇలాంటి మెయిళ్లే పంపుతున్నారు. వాటిని పోల్చుకోవడం కష్టం కాదు. మెయిల్ యూనివర్సిటీ చిరునామా నుంచి కాక మామూలు జీమెయిల్ నుంచి వస్తుంది. పని తక్కువ, వారానికి వందల డాలర్లు, అంతా ఇంటి నుంచే అంటారు. వెంటనే మీ ఫోన్ నంబర్ అడిగి మాటలన్నీ మెసేజ్‌లలోకి మళ్లిస్తారు. తర్వాత ఒక చెక్కు పంపి, బ్యాంకులో వేసి అందులో కొంత సొమ్ముతో గిఫ్ట్ కార్డులు కొనమంటారు. చెక్కు సొమ్ము ఖాతాలో కనిపించినా, అది నకిలీదని తేలడానికి రోజులు పట్టవచ్చు. తేలాక బ్యాంకు ఆ మొత్తాన్ని మీ ఖాతా నుంచే వెనక్కి తీసుకుంటుంది. అసలైన ప్రొఫెసర్ ఎవరూ పని ఇస్తూ డబ్బు పంపమనరు. అనుమానం వస్తే ఆ మెయిల్‌కు జవాబివ్వకుండా, విభాగం వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు విడిగా రాసి అడగండి.

ఆ శుక్రవారం గడువులోపు పంపాల్సిన జవాబు నాలుగు వాక్యాలు చాలు: ‘ఈ అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు, నాకు ఆసక్తి ఉంది. ఇది గంటల జీతమేనా, ఫీజు మాఫీ ఏమైనా ఉందా? శిక్షణ, సమావేశాలు 12 గంటల్లోకే వస్తాయా? నాకు డైనింగ్ హాల్లో వారానికి 10 గంటల పని ఉంది, దాన్ని 8కి తగ్గించుకుని ఎప్పటి నుంచి చేరగలనో చెబుతాను.’ ఇలా అడిగితే ప్రొఫెసర్ ఏమనుకుంటారోనని జంకక్కర్లేదు. గ్రాంటు డబ్బు గంట గంటకూ లెక్క చెప్పాల్సిన బాధ్యత ఆయన మీదా ఉంది. అందుకే ఒప్పుకునే ముందే అడగండి, అదీ మెయిల్‌లోనే అడగండి.