ఆరు ప్యానెళ్లు, నాలుగు చూపులు

ప్రెస్సు నుంచి బ్రోషర్ ప్రూఫ్ వాట్సాప్‌లో వస్తుంది. అడ్డంగా రెండు పేజీలు, ఒక్కో పేజీలో మూడు ప్యానెళ్లు. చేయించుకున్నవాళ్లు జూమ్ చేసి చూసుకుంటారు. ఫోన్ నంబరు సరిపోయిందా, అచ్చుతప్పులున్నాయా, డాక్టరుగారి డిగ్రీలు అన్నీ పడ్డాయా? అన్నీ బాగానే ఉంటే 'ఓకే' అని పంపేస్తారు. రెండు రోజుల్లో కాపీల కట్టలు దిగుతాయి. అయితే ఆ ఫోన్‌లో చూసిన రూపంలో బ్రోషర్‌ను ఏ పాఠకుడూ చూడడు. అతని చేతికి వచ్చేది పరిచిన కాగితం కాదు, మడిచిన కాగితం. రెండు మడతల్లో ఏది ముందు కనిపిస్తుంది, దాని పక్కన ఏది నిలుస్తుంది అన్నది తెర మీది ప్రూఫ్ చెప్పదు.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే మూడు మడతల బ్రోషర్ ఏ4 కాగితంతో తయారవుతుంది. 297 మిల్లీమీటర్ల పొడవును మూడు చేసి, కుడివైపు భాగాన్ని లోపలికి మడిచి, ఎడమ భాగాన్ని దాని మీదకు మూస్తారు. లోపలికి దూరే భాగాన్ని ఫ్లాప్ అంటారు. బయటి పేజీని పరిచి చూస్తే ఎడమ చివర ఫ్లాప్, మధ్యలో వెనక పుట, కుడి చివర ముఖపుట ఉంటాయి. తెర మీద ఎడమ నుంచి కుడికి చదివే కంటికి ఫ్లాప్ మొదటి ప్యానెల్‌లా, ముఖపుట చివరిదానిలా కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

పాఠకుడి వైపు నుంచి చూస్తే ఆరు ప్యానెళ్లు నాలుగు చూపులుగా అందుతాయి. మొదట ముఖపుట ఒక్కటే. అది తెరవగానే ఎడమన లోపలి మొదటి ప్యానెల్, కుడిన ఫ్లాప్, రెండూ పక్కపక్కన. ఫ్లాప్ కూడా తీస్తే లోపలి మూడు ప్యానెళ్లు ఒకే వరసలో. ఇక తిప్పి చూస్తే వెనక పుట. పరిశీలించాల్సింది ఈ నాలుగింటినే.

ఒక కంటి ఆసుపత్రి శుక్లాల ఆపరేషన్ గురించి బ్రోషర్ వేయిస్తోందనుకుందాం. బయటి పేజీలో ఎడమ ప్యానెల్ ఖాళీగా కనిపించింది కాబట్టి డిజైనర్ అక్కడ 'ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలు' పెట్టాడు. లోపల వరసగా శుక్లం అంటే ఏమిటి, ఆపరేషన్‌కు ముందు చేయాల్సినవి, ఆపరేషన్ రోజు ఏం జరుగుతుంది. పరిచిన ప్రూఫ్‌లో ఇందులో లోపమేమీ కనపడదు. మడిచి తెరిస్తే మాత్రం శుక్లం అంటే ఏమిటో చదువుతున్న పెద్దాయనకు పక్కనే 'కన్ను నలపకండి, కంట్లో నీళ్లు పడనీయకండి' అని ఎదురవుతుంది. ఆపరేషన్ ఎందుకో ఇంకా తెలియలేదు, అప్పుడే ఇంటికి పంపించేశారు! ఫ్లాప్ తీశాక కథ మళ్లీ వెనక్కి వెళ్లి ఆపరేషన్‌కు ముందు పరీక్షల దగ్గర మొదలవుతుంది.

సరిచేయడానికి ఒక్క ప్యానెల్ స్వభావం గమనిస్తే చాలు. లోపలి మొదటి ప్యానెల్ పాఠకుడికి రెండుసార్లు కనిపిస్తుంది. ఒకసారి ఫ్లాప్ పక్కన, ఇంకోసారి మిగతా రెండు ప్యానెళ్ల పక్కన. ఆ రెండు చోట్లా దానికి అర్థం ఉండాలి. కాబట్టి మొదటి మూడు మెట్లు అందులో పెట్టి నాలుగో మెట్టు నుంచి పక్క ప్యానెల్లోకి నడిపించడం కుదరదు. మూడో మెట్టు చదివిన కన్ను కుడివైపుకు జరిగితే అక్కడ దొరికేది నాలుగో మెట్టు కాదు, ఫ్లాప్. మన ఉదాహరణలో శుక్లం పరిచయం ఆ ప్యానెల్‌లోనే పూర్తి కావాలి. ఫ్లాప్ మీదకు దేనితోనూ ముడిపడకుండా తనంతట తాను నిలిచే విషయం రావాలి. రోగులు మొదట అడిగే ప్రశ్నలు, ఖర్చు, ఏ పథకాలు వర్తిస్తాయి వంటివి అక్కడ చక్కగా ఇముడుతాయి. ఆపరేషన్‌కు ముందు, ఆ రోజు చేయాల్సినవి కలిసి లోపలి మధ్య ప్యానెల్‌కు, తర్వాతి జాగ్రత్తలు మూడో ప్యానెల్‌కు వెళ్తాయి.

మూడు ప్యానెళ్ల మీదుగా సాగే పెద్ద శీర్షికలు కూడా ఇదే పరీక్షకు నిలవాలి. 'చూపు మళ్లీ మీ సొంతం' అని లోపల అడ్డంగా పరిస్తే, రెండో చూపులో కనిపించేది 'చూపు' అన్న ఒక్క మాట, దాని పక్కన ఖర్చుల పట్టిక.

ఇక మడత గీత సంగతి. ఫ్లాప్ లోపలికి దూరాలి కనుక అది మిగతా రెండింటికన్నా ఇరుకుగా ఉండాలి. మామూలుగా 100, 100, 97 మిల్లీమీటర్లుగా పంచుతారు. మూడూ 99 చేస్తే ఫ్లాప్ అంచు లోపలి మడతకు తగిలి ఉబ్బుతుంది. బయటి పేజీలో ఫ్లాప్ ఎడమన ఉంటుంది కాబట్టి మడతలు ఎడమ అంచు నుంచి 97, 197 దగ్గర పడతాయి. లోపలి పేజీలో అదే ఫ్లాప్ వెనకవైపు కుడి చివరకు వస్తుంది, కాబట్టి మడతలు 100, 200 దగ్గర. డిజైనర్ ఒక పేజీ గైడ్లనే రెండో పేజీకి కాపీ చేస్తే మడత 3 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. మడతకు అటూ ఇటూ వదిలిన 6 మిల్లీమీటర్లలో సగం ఒకవైపు మాయమవుతుంది. అక్షరాలు మడతను ఆనుకుని కనిపిస్తే మొదట అనుమానించాల్సింది మడత మెషీన్‌ను కాదు, ఈ గైడ్లను.

ఆ ఆసుపత్రి బ్రోషర్‌లో కంటి చుక్కల పట్టిక ఉందనుకుందాం. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, తర్వాత వారం వారం తగ్గించుకుంటూ రావాలి. పట్టిక వెడల్పయిందని రెండు ప్యానెళ్ల మీద పరిస్తే మూడో వారం అంకె సరిగ్గా మడత మీద పడొచ్చు. జేబులో నాలుగు రోజులు తిరిగాక ఆ గీత దగ్గర సిరా రాలుతుంది. ముదురు రంగు నిండుగా పూసిన చోట తెల్ల చారలు మరీ స్పష్టంగా తేలతాయి. అందుకే దళసరి ఆర్ట్ పేపర్ వాడినప్పుడు మడతకు ముందు క్రీజింగ్ చేయించాలి. అదైనా పగుళ్లను తగ్గిస్తుందే తప్ప అంకెను కాపాడుతుందన్న హామీ లేదు. మందుల లెక్క ఒకే ప్యానెల్‌లో ఇమడాలి, ఇమడకపోతే పట్టికను నిలువుగా తిప్పుకోవాలి.

ఇంగ్లిష్‌లో తయారైన బ్రోషర్‌ను తెలుగు చేసేటప్పుడు ఇంకో తిప్పలు. ఒత్తులూ గుణింతాలూ ఊపిరాడాలంటే వరసల మధ్య ఎడం పెంచక తప్పదు. ఇంగ్లిష్‌లో ప్యానెల్ అడుగున ముగిసిన పేరా తెలుగులో రెండు వరసలు మిగిలి పక్క ప్యానెల్ నెత్తి మీదకు ఎక్కుతుంది. అక్షరం సైజు తగ్గించడం సులువైన దారే, కానీ చదివేది శుక్లాలున్న కళ్లు. మాటలు తగ్గించడమే మేలు.

ఇవన్నీ పట్టుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ప్రూఫ్‌ను అసలు సైజులోనే, 'ఫిట్ టు పేజ్' తీసేసి, కాగితానికి రెండువైపులా ప్రింట్ తీయాలి. అడ్డం పేజీలు కాబట్టి పొట్టి అంచు మీద తిప్పే ఎంపిక పెట్టాలి, లేకపోతే లోపలి పేజీ తలకిందులవుతుంది. దాన్ని మడిచి, విషయం తెలియని మనిషి చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోవాలి. ఆయన ఎక్కడ ఆగి కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతారో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

చివరి నిమిషంలో ప్రెస్సు నుంచి 'జడ్ మడత వేసేద్దామా?' అని ఫోన్ వస్తే మాత్రం సరేననకూడదు. ఆ మడతలో ఫ్లాప్ ఉండదు, మూడు ప్యానెళ్లూ 99 మిల్లీమీటర్లే. అన్నిటికన్నా ముఖ్యంగా ముఖపుట, వెనక పుట కాగితానికి చెరోవైపు వస్తాయి. ఇదే ఫైలును అలా మడిస్తే ఆసుపత్రి చిరునామా లోపలి మడతలో దాక్కుంటుంది. చుక్కల పట్టిక వెనక పుటగా బయటికి వస్తుంది.