సంతకానికి ముందే తేల్చుకోవాల్సిన నోటీస్ పీరియడ్

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇచ్చే ఆఫర్ లెటర్లలో చాలావాటిలో నోటీస్ పీరియడ్ 90 రోజులని ఉంటుంది. అంటే రాజీనామా ఇచ్చాక కూడా ఉద్యోగి మూడు నెలలు పనిచేయాలి. జీతం దగ్గర గట్టిగా బేరమాడేవాళ్లు కూడా ఈ షరతును చదివి ఊరుకుంటారు. చేరకముందే వెళ్లిపోయే సంగతి ఎత్తితే ఏమనుకుంటారోనని మొహమాటం, కంపెనీ రూలు ఎలాగూ మారదన్న నమ్మకం వాళ్లను ఆపేస్తాయి. కానీ ఆఫర్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు ఉండే ఆ కొద్దిరోజుల్లో ఉద్యోగి మాటకు ఉన్న బలం ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. కంపెనీ అప్పటికే ఇంటర్వ్యూలు పూర్తిచేసి, మనిషిని ఎంచుకుని, పై అధికారుల అనుమతి తెచ్చుకుని ఉంటుంది. చిన్న మార్పు కోసం ఆ పనంతా మళ్లీ మొదలుపెట్టాలని ఎవరూ కోరుకోరు.

ప్రైవేటు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 90 రోజుల నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్, ఆరు నెలలు ఆపకుండా పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే యజమాని కనీసం ఒక నెల నోటీసో, దానికి బదులు జీతమో ఇవ్వాలంటుంది. తెలంగాణలోనూ ఇదే చట్టాన్ని కొనసాగించారు. 90 రోజులన్నది ఇద్దరి మధ్య ఒప్పందం వల్ల మాత్రమే పుడుతుంది. కాబట్టి ఒప్పందం కుదరకముందు దాని మీద మాట్లాడుకోవచ్చు. కుదిరాక ఇష్టంలేని మనిషి చేత బలవంతంగా పనిచేయించమని కోర్టులు సాధారణంగా ఆదేశించవు. అలాగని ఆ షరతుకు విలువ లేదనుకోకూడదు. మిగిలిన రోజుల డబ్బు కట్టమని కంపెనీ అడగవచ్చు, రిలీవింగ్ లెటర్ ఆపవచ్చు. ఆ లెటర్ లేకపోతే తర్వాతి కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర చిక్కొస్తుంది.

ఏడేళ్ల అనుభవమున్న ఒక ఇంజినీరును ఊహించుకుందాం. కొత్త ఆఫర్‌లో ఆమె నెల జీతం 1,20,000 రూపాయలు, అందులో బేసిక్ 60,000. ఆమె వెళ్లాలనుకుంటే 90 రోజుల నోటీసు ఇవ్వాలి, కంపెనీ పంపించాలనుకుంటే 30 రోజులు చాలు. నోటీసు బదులు డబ్బు కట్టే వీలుందిగానీ, ‘కంపెనీ విచక్షణ మేరకు’ అన్న మాట దానికి తోకలా ఉంది. రేపు ఆమె 30 రోజులకే వెళ్లాలంటే మిగిలిన 60 రోజులకు మొత్తం జీతం లెక్కన 2,40,000 కట్టాలి. అదే బేసిక్ లెక్కన అయితే 1,20,000 చాలు. పైగా విచక్షణ కంపెనీదే గనక, డబ్బు చేతిలో పట్టుకున్నా వెళ్లనివ్వకపోవచ్చు. రోజుల సంఖ్య ఒక్కటే చూసేవాళ్లకు ఈ రెండు వివరాలూ కనబడవు.

ఆమె అడగాల్సింది మొదట 30 రోజులు. తన మనసులో 60 దగ్గర ఆగవచ్చని పెట్టుకోవాలి. అదీ కాదంటే, రోజులు అలాగే ఉంచి, బేసిక్ లెక్కన డబ్బు కట్టి వెళ్లే హక్కు ఉద్యోగికి ఉండేలా మార్చమనాలి. వేలమంది పనిచేసే పెద్ద సర్వీసెస్ కంపెనీలో ఒక్కరి కోసం రోజులు తగ్గించడం అరుదు. క్లయింటుకు బిల్లు వేసే ప్రాజెక్టులో మనిషి లేచిపోతే, కొత్తవారిని వెతికి పని అప్పగించేదాకా ఆదాయం పోతుందన్నది వాళ్ల భయం. చిన్న ప్రొడక్ట్ కంపెనీలోనో, సీనియర్ ఉద్యోగంలోనో మాటకు ఎక్కువ చోటుంటుంది.

అడిగే తీరులో అన్నిటికన్నా ముఖ్యమైనది, వెళ్లిపోయే ఆలోచన ఉన్నట్టు ధ్వనించకపోవడం. ‘రేపు మంచి అవకాశం వస్తే’ అన్న ఒక్క మాట చాలు, ఆఫర్ మీదే అనుమానం రావడానికి. కంపెనీ తనకు తాను పెట్టుకున్న 30 రోజుల గడువే ఇక్కడ సరైన ఆధారం. ఇద్దరికీ ఒకే గడువు ఉండాలని అడిగితే అందులో అసమంజసం ఏమీ ఉండదు. ముందు హెచ్‌ఆర్‌తో ఫోనులో మాట్లాడి, ఆ రోజే మెయిల్ పంపాలి. జీతం, జాయినింగ్ తేదీ లాంటి కోరికలుంటే అన్నీ ఒకే మెయిల్‌లో రావాలి. ఒకటి ఒప్పుకోగానే ఇంకోటి బయటికి తీస్తే అవతలివారికి విసుగొస్తుంది. మెయిల్ ఇంగ్లిష్‌లో రాసినా, అందులోని విషయం ఇలా ఉండవచ్చు:

“నమస్కారం మేడమ్. ఆఫర్ ఇచ్చినందుకు ధన్యవాదాలు. టీమ్ వాళ్లతో మాట్లాడాక ఈ పని మీద ఇష్టం ఇంకా పెరిగింది, చేరాలనే ఉంది. లెటర్‌లో ఒక్క అంశం గురించి అడగాలనుకుంటున్నాను. నోటీస్ పీరియడ్ కంపెనీ వైపు నుంచి 30 రోజులు, ఉద్యోగి వైపు నుంచి 90 రోజులు అని ఉంది. రెండు వైపులా 30 రోజులు ఉండేలా మార్చడానికి వీలవుతుందా? పని అప్పగింతకు లోటు రాకుండా చూసే బాధ్యత నాది, అవసరమైతే ఆ మాట కూడా లెటర్‌లో చేర్చండి. సవరించిన లెటర్ అందితే వెంటనే సంతకం చేసి పంపుతాను.”

చివరి వాక్యం ఈ మెయిల్‌కు వెన్నెముక. ఈ ఒక్కటి తేలితే అభ్యర్థి చేరడం ఖాయమని హెచ్‌ఆర్‌కు అర్థమవుతుంది. పై అధికారి దగ్గర అనుమతి అడగడానికి ఆమెకు కావలసింది కూడా అదే.

‘ఇది అందరికీ ఉన్న పాలసీ అండీ’ అని జవాబు రావచ్చు. దానితో వాదించకుండా రెండో మెట్టుకు దిగాలి: “అర్థమైంది మేడమ్. రోజులు మార్చడం కుదరకపోతే, 30 రోజులు పనిచేశాక మిగిలిన రోజులకు బేసిక్ జీతం కట్టి ఉద్యోగి రిలీవ్ కావచ్చని ఒక వాక్యం చేర్చగలరా?” ఇందులో ‘ఉద్యోగి కోరితే’ అన్న అర్థం స్పష్టంగా రావాలి. ‘పరస్పర అంగీకారంతో’ అని రాస్తే నిర్ణయం మళ్లీ మేనేజర్ చేతికే పోతుంది.

ఇంకో జవాబు వినడానికి తియ్యగా ఉంటుంది: ‘పేపర్ మీద 90 ఉన్నా, మేం ఎప్పుడూ నెలకే పంపించేస్తాం.’ చెప్పిన మనిషి మంచితనంతోనే చెప్పి ఉండవచ్చు, కానీ రెండేళ్ల తర్వాత ఆ హెచ్‌ఆర్ ఆ కంపెనీలోనే ఉంటారన్న నమ్మకం లేదు. ఆ మాటనే మెయిల్‌లో రాసివ్వమని మర్యాదగా అడగాలి. రాయడానికి వెనకాడితే ఆ హామీని లెక్కలోకి తీసుకోకూడదు. రెండు మెట్లూ కుదరకపోతే, 90 రోజులతోనే చేరాలా వద్దా అన్నది జీతంతో, పనితో కలిపి తూచుకోవాలి. ఆ షరతు ఒక్కదాని కోసం మంచి ఉద్యోగం వదులుకోమని చెప్పడం సబబు కాదు.

ఒప్పుకున్నాక కూడా జారిపోయే చోటు ఒకటుంది. చాలా కంపెనీల్లో ఆఫర్ లెటర్ వేరు, చేరిన రోజు ఇచ్చే అపాయింట్‌మెంట్ లెటర్ వేరు. రెండోది టెంప్లేట్ నుంచి వస్తుంది గనక అందులో 90 రోజులు మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. అంతకుముందు ఇచ్చిన హామీలన్నిటి స్థానంలో ఇదే చెల్లుతుందని కూడా అందులో ఉంటే, మెయిల్‌లో ఒప్పుకున్నది చూపించినా గట్టిగా నిలవకపోవచ్చు. అందుకే అపాయింట్‌మెంట్ లెటర్ ముసాయిదాను చేరకముందే అడిగి చూడాలి. ప్రొబేషన్‌లో ఎన్ని రోజులు, కన్ఫర్మేషన్ తర్వాత ఎన్ని రోజులు అన్నవి రెండూ విడిగా చదవాలి. నోటీసు గడువును కంపెనీ తర్వాత మార్చుకోవచ్చన్న వాక్యముంటే, ఉద్యోగి రాతపూర్వక అంగీకారంతోనే అని చేర్చమనాలి. ఇవన్నీ సరిచేసిన లెటర్ చేతికి వచ్చాకే పాత కంపెనీలో రాజీనామా ఇవ్వాలి. ముందే ఇచ్చేస్తే, సంతకం పెట్టనని చెప్పగల బలం ఆ రోజుతో పోతుంది.